గోడ మీది వెలుగు, తీగ మీది వెలుగు

విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే విజయనగరంలోనైనా, రథసప్తమి నాటి అరసవల్లిలోనైనా పండుగ అలంకారానికి ఎక్కువగా కనిపించేవి సీరియల్ సెట్లు. వాటి పక్కనే ప్రొజెక్టరుతో గోడపై బొమ్మలు, ముగ్గులు పరిచే పద్ధతి కూడా నేడు సాధ్యమవుతోంది. ఈ రెండింటికీ మూలమైన తేడా ఏమంటే, సీరియల్ బల్బు తన కాంతిని నేరుగా కంటికి పంపుతుంది, ప్రొజెక్టరు కాంతి మాత్రం ముందు గోడను తాకి, అక్కడ చెదిరిన తరువాతనే చూపరిని చేరుతుంది.

దీపానికి, కటకానికి మధ్య ఉండి వెలుగును కొంత ఆపి కొంత విడిచే చిత్తరువు పలకను గోబో అంటారు. చౌకగా దొరికే నమూనా దీపాలలో ఇదే ఉంటుంది. డిజిటల్ ప్రొజెక్టరులో ఆ పనిని సూక్ష్మ చుక్కల పలక చేస్తుంది. ఏదైనా, దీపం వెలువరించే మొత్తం కాంతిని ల్యూమెన్లలోను, చదరపు మీటరుపై పడే కాంతిని లక్స్‌లలోను కొలుస్తారు కనుక, బొమ్మ పెరిగే కొద్దీ వెలుగు పలచబడుతుంది. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టరు 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల ఇంటి గోడపై సగటున 250 లక్స్ ఇస్తే, సుమారు 10 మీటర్ల ఎత్తుండే విజయనగరం కోట గోడను నిండా కప్పేలా బొమ్మను 13 మీటర్ల వెడల్పుకు పెంచినప్పుడు దాదాపు 23 లక్స్ మాత్రమే ఇవ్వగలదు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ప్రొజెక్టరు నలుపును వేయలేదు. బొమ్మలోని నలుపు అంటే వీధిదీపాల వల్ల గోడకు అప్పటికే ఉన్న వెలుగు మాత్రమే. ఆ వెలుగు 10 లక్స్ అనుకుంటే, ఇంటి గోడపై తెలుపు నలుపుకంటే 26 రెట్లు, కోట గోడపై దాదాపు 3 రెట్లు ప్రకాశిస్తుంది. అదే గోడకు సీరియల్ సెట్లు కూడా వేలాడదీసి నేపథ్య కాంతిని 30 లక్స్‌కు చేర్చితే, ఈ నిష్పత్తి 2 కంటే తగ్గి ముగ్గు గీతలు చెరిగినట్లవుతాయి. ముదురు రాయి ప్రొజెక్టరు కాంతిని, నేపథ్య కాంతిని సమానంగా మింగుతుంది గనుక నిష్పత్తిని మార్చదు గాని, మొత్తం బొమ్మను సున్నం వేసిన గోడకంటే మసకగా చూపుతుంది.

లేజరు నమూనా దీపాలు కాంతిపుంజాన్ని సన్నని గీతల జాలితో చుక్కలుగా విడగొడతాయి. ఆ చుక్కలు దూరంలోనూ పదునుగా నిలుస్తాయి, కాని పుంజం కంటిలో నేరుగా పడితే రెటీనాకు హాని జరగవచ్చు కనుక, దానిని జనం తల ఎత్తుకు పైనే ఉంచాలి.

కాబట్టి జనం నడిచే వీధికి, దూరం నుంచి కనబడవలసిన గోపురపు అంచులకు సీరియల్ సెట్లు, వీధిదీపాల నుంచి మరుగైన తెల్లని గోడకు ప్రొజెక్టరు తగినవి. ఎంపికకు ముందు రాత్రి వేళ లక్స్ మీటరును గోడకు ఆనించి, ప్రొజెక్టరు కటకాన్ని మూసి ఒకసారి, తెల్లని బొమ్మ వేసి మరొకసారి కొలిచినప్పుడు రెండవ అంకె మొదటిదానికి కనీసం 5 రెట్లు లేకపోతే, బొమ్మను చిన్నది చేయడమో, చుట్టుపక్కల దీపాలను ఆర్పడమో తప్పదు.