పేరు దాస్తే సరిపోదు

పారిశ్రామికవాడలో నాలుగు వందల మంది పనిచేసే విడిభాగాల ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. స్టోర్స్ గుమాస్తాకు ఓ సాయంత్రం వేబ్రిడ్జి చీటీ కంటబడింది. లారీ బరువు పోను తుక్కు 9 టన్నులు తూగింది, బిల్లులో 6 టన్నులే ఉంది. కింద సంతకం అతని మేనేజరుదే. మరి ఎవరితో చెప్పుకోవాలి?

2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ దీనికో దారి చూపింది. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలే కాదు, బ్యాంకుల నుంచి, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చినవి కూడా విజిల్ బ్లోయర్ ఏర్పాటు పెట్టుకోవాలి. ఆడిట్ కమిటీ లేనిచోట బోర్డు ఒక డైరెక్టరుకు ఆ బాధ్యత అప్పగించాలి. ఫిర్యాదు చేసినవారిని వేధింపుల నుంచి కాపాడాలనీ చట్టం చెప్పింది. ఎలాగన్నది మాత్రం కంపెనీ రాసుకునే పాలసీని బట్టే ఉంటుంది.

చాలా పాలసీలు ‘పేరు గోప్యంగా ఉంచుతాం’ అని ఊరుకుంటాయి. మర్నాడే విచారణాధికారి స్టోర్స్‌కి ఫోన్ చేసి సరిగ్గా ఆ లారీ చీటీయే పంపమంటాడు. దాన్ని చూసింది ముగ్గురే: కాటా వేసినవాడు, గుమాస్తా, మేనేజరు. ఇక పేరు వేరే చెప్పాలా? అందుకే పద్ధతి తెలిసినవాళ్లు మామూలు ఆడిట్‌లో భాగంగా ఆరు నెలల తుక్కు లోడ్ల కాగితాలన్నీ అడుగుతారు. ఆ ఒక్క చీటీ వాటిలో కలిసిపోతుంది.

ఫిర్యాదు డైరెక్టరుకే నేరుగా అందాలి. ఆరోపణ ఆయన మీదే అయితే ఎవరు చూడాలో కూడా పాలసీలో ముందే రాసి ఉండాలి. గడువుల విషయంలో ఐరోపా సమాఖ్య 2019 ఆదేశం మంచి నమూనా: ఫిర్యాదు అందిందని 7 రోజుల్లో చెప్పాలి, ఏం చేశారో 3 నెలల్లో తెలపాలి. పేరు లేని ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తే ‘లోడు ఏ తేదీది?’ అని తిరిగి అడిగే వీలుంటుంది.

కక్ష కట్టినవాడు ఉద్యోగం నుంచి తీసేయడు. నైట్ షిఫ్టు వేస్తాడు, ఓవర్‌టైమ్ కోస్తాడు. కాబట్టి ఏడాదిపాటు ఆ సెక్షన్ మొత్తంలో షిఫ్టులు, బదిలీలు, ఇంక్రిమెంట్లు డైరెక్టరు చూశాకే ఖాయం కావాలి. గుమాస్తా ఒక్కడి ఫైలే తెప్పించుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

విచారణలో మిగతా 3 టన్నులకు, అది వేరే రకం తుక్కు కాబట్టి, విడిగా ఇంకో బిల్లు ఉందని తేలిందనుకోండి. గుమాస్తా పొరబడ్డాడు, అబద్ధమాడలేదు. అతనికి రక్షణ అలాగే ఉండాలి. పసలేని ఫిర్యాదులు పదేపదే చేసేవారిని మందలించే వీలు నిబంధనల్లో ఉంది కానీ, అది ఇతనికి వర్తించదు.

2014లో వచ్చిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ప్రభుత్వ సేవకులపై చేసే ఫిర్యాదుల కోసం. ప్రైవేటు ఫ్యాక్టరీ గుమాస్తాకు అది అక్కరకు రాదు.