గుమ్మం దాటితే మూడు నెలలు

తెర మీద ఒక కుర్రాడు వానలో తడుస్తూ వచ్చి, వీధి గుమ్మం దాటి ఇంట్లోకి అడుగుపెడతాడు. చూసేవాళ్ళకి అది ఒక్క అడుగు. తీసేవాళ్ళు గుమ్మం బయటి భాగాన్ని సెప్టెంబరులో కోనసీమలో తీసి, లోపలి భాగాన్ని డిసెంబరులో హైదరాబాదులో వేసిన సెట్లో తీసి ఉండవచ్చు. ఈ రెండూ అతుకు తెలియకుండా కలవాలంటే, సెప్టెంబరులో అతని చొక్కా ఎంత తడిసిందో, టిఫిన్ క్యారియర్ ఏ చేతిలో ఉందో డిసెంబరులో ఎవరో ఒకరు తడుముకోకుండా చెప్పాలి. అందుకోసం రాసుకునేవే కంటిన్యుటీ నోట్స్.

సినిమాను కథ వరసలో తీయడం అరుదు. ఆ ఇంట్లో జరిగే సీన్లు కథలో ఎక్కడెక్కడ ఉన్నా, సెట్ నిలబడి ఉండగానే అన్నీ తీసేస్తారు. తల్లి పాత్ర వేసే నటి డేట్స్ నాలుగు రోజులే దొరికితే, ఆవిడ సీన్లన్నీ ఆ నాలుగు రోజుల్లోకి సర్దుతారు. హాలీవుడ్‌లో ఈ లెక్కంతా చూడటానికి స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని ప్రత్యేకంగా ఒకరుంటారు. మన దగ్గర ఎక్కువగా అసిస్టెంట్ డైరెక్టర్లలో ఒకరికి ఈ బాధ్యత అప్పగిస్తారు.

ఈ పని కెమెరా తిరగకముందే మొదలవుతుంది. స్క్రిప్టు ముందు పెట్టుకుని, కథలో ఎన్ని రోజులు గడుస్తున్నాయో లెక్కగట్టి, ప్రతి సీనుకూ ఒక కథారోజు నంబరు వేస్తారు. మన కుర్రాడి పేరు రవి అనుకుందాం. పొలం గట్టు మీద జారిపడి, ఎడమ కనుబొమ్మ చిట్లి, అతను ఇంటికి చేరేది 41వ సీను. లోపల తల్లి తల తుడిచేది 42. ఈ రెండూ కథలో 4వ రోజు సాయంత్రం. అదే రాత్రి భోజనాల సీను 43. 58వ సీను వచ్చేసరికి కథ 10వ రోజుకు చేరింది. ఈ పట్టిక చేతిలో ఉంటే గాయం లెక్క తేలిపోతుంది. 42లో పచ్చి రక్తం, 43లో ప్లాస్టరు, 58లో ఎండిన పెచ్చు. తల్లి డేట్స్ వల్ల సెట్లో ముందుగా 58 తీయాల్సి వచ్చినా మేకప్‌మ్యాన్ తికమకపడడు.

ఇక సెప్టెంబరు సంగతి. 41వ సీను చివరి షాట్ ఓకే అయ్యాక అసిస్టెంట్ ఇలా రాసుకుంటాడు: ‘కుడికాలు ముందు గడప దాటింది. క్యారియర్ ఎడమచేతిలో, మూత ఒకవైపు లేచి ఉంది. నీలం గళ్ళ చొక్కా, పై గుండీ తీసి ఉంది, కుడి చెయ్యి రెండు మడతలు, ఎడమ చెయ్యి మడత ఊడింది. బురద కుడి మోకాలి నుంచి పాదం దాకా. చెప్పుల్లేవు. రక్తం కనుబొమ్మ నుంచి చెంప మధ్య దాకా.’ వెంటనే ముందు, వెనక, రెండు పక్కల నుంచి ఫొటోలు తీస్తాడు. షాట్‌కు ముందు తీసిన ఫొటో ఇక్కడ చాలదు. షాట్ నడుస్తుండగా మడత ఊడవచ్చు, రక్తం కిందికి జారవచ్చు. తర్వాతి సీను ఎత్తుకోవలసింది ఈ షాట్ ముగిసిన స్థితి నుంచే.

ఫొటోలోనూ ఒక ప్రమాదం ఉంది. కొన్ని ఫోన్లలో ముందు కెమెరాతో తీస్తే బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది. ఎడమ కనుబొమ్మ గాయం కుడివైపు కనబడుతుంది. ‘ఎడమ’ అని ఊరికే రాసినా చిక్కే, ఎందుకంటే నటుడి ఎడమవైపు ఎదురుగా ఉన్న కెమెరాకు కుడి. అందుకే తెలిసినవాళ్ళు ‘నటుడి ఎడమ’ అనో ‘ఫ్రేములో ఎడమ’ అనో విడమరచి రాస్తారు.

బట్టల విషయంలో ఎక్కువగా జరిగే నష్టం శ్రద్ధ వల్లే జరుగుతుంది. ప్యాకప్ అయ్యాక కాస్ట్యూమ్ విభాగంలో ఎవరో ఆ బురద చొక్కాను శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి పెడతారు. డిసెంబరులో మళ్ళీ బురద పూయాలి, మరక ఆకారం ఫొటో చూసి దిద్దాలి. దీన్ని తప్పించడానికి చొక్కాను ఆరబెట్టి విడి సంచిలో పెట్టి, సీను నంబరుతో పాటు ‘ఉతకవద్దు’ అని చీటీ కడతారు. తడవడం, చిరగడం ఉన్న సీన్లకు ఒకే రకం చొక్కాలు ముందుగానే కొన్ని కుట్టించి, ఏది ఏ స్థితికో గుర్తు పెడతారు.

వేళ సంగతి ఇంకా సున్నితం. 41లో ముసురు పట్టిన సాయంత్రం, కాబట్టి 42లో సెట్ కిటికీలోంచి పడేది మెత్తటి బూడిదరంగు వెలుతురు కావాలి. నేల మీద ఎండచారలు పడితే వాన కథ అక్కడే అబద్ధమైపోతుంది. ఆకాశం ఎలా ఉంది, నీడలు పడ్డాయా, పడితే ఎటువైపు అన్నది కూడా నోట్స్‌లో ఉంటేనే కెమెరామన్ డిసెంబరులో ఆ వెలుతురు తేగలడు. గోడ గడియారం ఉంటే దాన్ని 5 గంటల 10 నిమిషాల దగ్గర పెట్టి బ్యాటరీ తీసేస్తారు. తెర మీద రెండు నిమిషాల సీను తీయడానికి సగం రోజు పట్టవచ్చు, ముల్లు తిరుగుతూ ఉంటే షాటుకో వేళ కనబడుతుంది.

సీను లోపల కూడా వరస తప్పుతుంది. ముందు గదంతా కనబడేలా తీసి, తర్వాత అవే మాటలు ఒక్కొక్కరి క్లోజప్‌లో మళ్ళీ తీస్తారు. తల్లి ‘ఎక్కడ పడ్డావురా నాన్నా’ అన్నాక తువ్వాలు తీసిందా, అంటూనే తీసిందా? కాఫీ గ్లాసు రవి ఏ మాట దగ్గర ఎత్తాడు, ఏ మాట దగ్గర దించాడు? ఇవి సంభాషణ పక్కనే గుర్తు పెట్టుకుంటారు. గ్లాసులో కాఫీ టేకు టేకుకూ అదే మట్టానికి పోస్తారు. మాటకూ చేతకూ లంకె తప్పితే ఎడిటర్ ఆ రెండు షాట్లనూ అక్కడ కలపలేడు. 1990లో వచ్చిన ‘ప్రెట్టీ ఉమన్’లో జూలియా రాబర్ట్స్ చేతిలోని క్రోసాంట్ అనే రొట్టె, తర్వాతి షాట్‌లో పాన్‌కేక్ అయిపోతుంది.

అయినా ఆ సినిమాను జనం ప్రేమించారు. ‘అపోకలిప్స్ నౌ’ ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్, మంచి కట్‌కు ఏది ఎంత ముఖ్యమో చెబుతూ వందకు 51 పాళ్ళు భావోద్వేగానికి ఇచ్చాడు. గదిలో ఎవరు ఎక్కడున్నారన్న పొందికకు ఇచ్చింది 4 పాళ్ళే. నటన గొప్పగా పండిన టేకులో గ్లాసు కాస్త ముందే లేస్తే, ఎడిటర్ ఆ టేకునే తీసుకుంటాడు, తీసుకోవాలి కూడా. తప్పు ఎక్కడుందో చెప్పడం నోట్స్ పని. దాన్ని సరిదిద్దుకోవాలా, భరించాలా అన్నది దర్శకుడు ఆ పూటే, సెట్ ఉండగానే, నటులు ఉండగానే తేల్చుకోవాలి. సెట్ విప్పేశాక తెలిస్తే చేయగలిగింది చాలా తక్కువ.

అందుకే షార్ట్ ఫిల్మ్‌తో తొలి అడుగు వేస్తున్న కుర్రకారుకు ఒక మాట. అయిదుగురే ఉన్న యూనిట్ అయినా, క్లాప్ కొట్టడం, టీలు తేవడం లాంటి పనులేవీ అంటగట్టకుండా ఒకరిని నోట్‌బుక్‌తో మానిటర్ పక్కన కూర్చోబెట్టండి. మొదటి షాట్ తీయకముందే కథారోజుల పట్టిక వాళ్ళ చేతిలో ఉండాలి. ‘ఆగండి సార్, చెయ్యి మడత తప్పింది’ అని వాళ్ళు అంటే విసుక్కోకండి, ఆగండి.