అల్మాటీకి ఒక సిఫారసు లేఖ

హైదరాబాద్ మందుల కంపెనీలో పనిచేసే యువతికి కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఆమె మేనేజర్ రష్యన్‌లో ఇచ్చే లేఖ సాధారణంగా కంపెనీ లెటర్‌హెడ్ మీద, ప్రథమ పురుషలో సాగుతుంది: ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ హోదాలో, ఏ బాధ్యతలు చూసింది అని. ఆపైనే మెప్పు. ‘కష్టజీవి’ అంటే చాలదు. ‘రిజిస్ట్రేషన్ ఫైళ్లు ఆమే సిద్ధం చేసింది, గడువు తప్పలేదు’ అంటే చదివేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

పాత నమూనా దించేస్తేనే చిక్కు. రష్యన్‌లో ‘పనిచేశాను’ అన్నా క్రియ ఆడా మగా చెప్పేస్తుంది. మగవాడి లేఖలో పేరొక్కటే మారిస్తే మొదటి వాక్యంలోనే దొరికిపోతుంది. నా మాటగా, ప్రతి క్రియనూ వేలు పెట్టి చూసుకోవాలి. పేరు అక్షరక్రమం కూడా పాస్‌పోర్ట్ రష్యన్ అనువాదంలో ఉన్నట్టే ఉండాలి. చివర సంతకం, హోదా, ఫోన్ నంబరు, కంపెనీ ముద్ర.