వెబినార్‌లో తొలి మూడు నిమిషాలు

పత్తిలో గులాబీ రంగు పురుగు మీద రైతులకు వెబినార్ పెట్టారనుకుందాం. "అందరికీ వినబడుతోందా?" అంటూనే ఒక నిమిషం కరిగిపోతుంది. ఆ పరీక్షేదో వక్తతో పావుగంట ముందే ముగించాలి. మొదటి అరనిమిషం విషయానిదే: "కాయలోకి దూరిన పురుగుకు మందు తగలదు. ముందే ఎలా పసిగట్టాలో ఈరోజు చూద్దాం." మైకులు ఆపమనడం, రికార్డు చేస్తున్నామని చెప్పడం మరో అరనిమిషం. వక్త డిగ్రీలన్నీ చదవకండి. ఆయన ఎన్నేళ్లుగా చేలల్లో లింగాకర్షక బుట్టలు పెట్టి, పడిన పురుగులు లెక్కిస్తున్నారో చెబితే రైతు చెవి ఒగ్గుతాడు. ఆపైన నియమాలు: ప్రశ్నలు చాట్‌లోనే, మనిషికి ఒక్కటి, మందుల ప్రచారం వద్దు. ఆలస్యంగా చేరినవారికి పాత చాట్ చాలాసార్లు కనిపించదు. అందుకే పదో నిమిషంలో వాటిని మళ్లీ పెట్టాలి.