To కు జాబు, Cc కి నకలు, Bcc కి గుట్టు

పెన్షను ఆగినా, పీఎఫ్ లెక్కలో పేరు తప్పు పడినా, ఆఫీసుకు పోయి నిలబడితే ఇప్పుడు ‘ఈమెయిలు పెట్టు పెద్దాయనా’ అంటారు. మన ఇండ్లలో ఆ పని మనవళ్ళో మనవరాళ్ళో చేసిపెడతారు. జాబులో ఏమి రాయాలో మనం చెప్తాం, వాళ్ళు కొడతారు. అంతవరకు బాగానే ఉంటాది. జాబు పైన To, Cc, Bcc అని అడ్రసుల గళ్ళు ఉంటాయే, వాటిని మాత్రం పిల్లలు చేతికి వచ్చినట్ల నింపేస్తారు. ఈ జాబు ఎవరి కంట పడాల, ఎవరి కంట పడగూడదు అని తేల్చేది ఆ గళ్ళే. అందుకని ఈ నెల దాని గురించే రాస్తా ఉన్నాను.

Cc అంటే కార్బన్ కాపీ. మిల్లులో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త మాట కాదు. టైమాఫీసులో టైపిస్టు ఒక తెల్లకాగితం, దాని కింద ఒక కార్బన్, మళ్ళీ ఒక పలుచని కాగితం, మళ్ళీ కార్బన్, ఇట్ల పేర్చి మిషనుకు ఎక్కించేవాడు. ఒక్కసారి కొడితే మూడు నాలుగు ప్రతులు వచ్చేవి. పైది అసలు. కిందికి పోయేకొద్దీ అక్షరాలు మసక. జాబు చివర ఎడమపక్క ‘సి.సి.’ అని కొట్టి, నకలు ఎవరెవరికి పోతా ఉందో వాళ్ళ పేర్లు వరసగా వేసేవాడు. ఏ ప్రతి ఎవరిదో తెలిసేదానికి ఆ పేరు పక్కన పెన్నుతో ఒక టిక్కు. అసలు జాబు అందుకున్నవాడికి కూడా ఆ పేర్లు కనిపిస్తాయి కాబట్టి, ‘ఇది నా ఒక్కడికే కాదు, ఫలానావాళ్ళకూ తెలుసు’ అని వాడికి అర్థమయ్యేది. సర్కారు కాగితాల కింద ‘ప్రతి’ అని ఉండేది కూడా ఇదే.

Bcc లో ఉండే ముందు B కి బ్లైండ్ అని అర్థం. అంటే కంటికి కనిపించని నకలు. ఇది కూడా కంప్యూటర్లు పుట్టించింది కాదు. ఎవరికైనా గుట్టుగా నకలు పంపాలంటే టైపిస్టు జాబంతా కొట్టినాక అసలు ప్రతిని బయటికి తీసేసి, మిగిలిన నకలు మీద మాత్రమే ఆ పేరు కొట్టేవాడు. అసలు కాగితం మీద ఆ పేరు పడేదే లేదు. ఈమెయిలు చేసేదీ అంతే. Bcc లో పెట్టిన అడ్రసుకు జాబు పోతాది, కానీ To లో ఉన్నవాళ్ళకూ Cc లో ఉన్నవాళ్ళకూ ఆ అడ్రసు కనిపించదు. Bcc లో నలుగురిని పెడితే ఆ నలుగురికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. పంపినవాడి దగ్గర ఉండే ప్రతిలో మాత్రం అన్నీ కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక జాబు తీసుకుందాం. ఒకాయన జీవన ప్రమాణ పత్రం టైముకు ఇచ్చినాడు, అయినా రెండు నెలలుగా పెన్షను పడలేదు. జవాబు చెప్పాల్సింది పీఎఫ్ ఆఫీసు. అందుకని To లో పీఎఫ్ ఆఫీసు అడ్రసు ఒక్కటే. పెన్షను పడే బ్యాంకు బ్రాంచికి సంగతి తెలియాల, యూనియన్ సెక్రటరీకి తెలియాల, కానీ వాళ్ళు జవాబు రాయాల్సిన పని లేదు. ఆ ఇద్దరు Cc లో. కొందరు ముగ్గురినీ To లోనే కూర్చోబెడతారు. అట్ల చేస్తే ఆఫీసోడు బ్యాంకు చూసుకుంటాదిలే అనుకుంటాడు, బ్యాంకోడు ఆఫీసు చూసుకుంటాదిలే అనుకుంటాడు. ఇద్దరు అల్లుళ్ళున్న ఇంట్లో మామను ఆస్పత్రికి ఎవరు తీసుకుపోతారు? పని ఎవరిదో వాళ్ళు మాత్రమే To లో ఉండాల.

ఫోనులో అయితే To గడి మాత్రమే కనిపిస్తాది. దాని పక్కన ఉండే చిన్న బాణం నొక్కితే Cc, Bcc బయటపడతాయి. అవి రెండూ లేవని అనుకుని చాలామంది అన్ని అడ్రసులూ To లోనే పోసేస్తారు.

ఇట్ల పోయడం వల్ల ఏమైతాదో మా పక్కనే జరిగింది. పెన్షను బకాయిల గురించి ఒక సంఘంవాళ్ళు ముప్పై ఎనిమిది మందికి ఒకే ఈమెయిలు పెట్టినారు. అందరి అడ్రసులూ Cc లోనే. జాబు వచ్చినవాళ్ళందరికీ తక్కినవాళ్ళ అడ్రసులు చదువుకునేటట్ల వరసగా ఉన్నాయి. ఆ జాబు నలుగురి చేతులు మారింది. పది దినాలకు మావాళ్ళకు ‘బకాయి మంజూరైంది, ఫోన్ నంబరు పంపండి’ అని తెలియని అడ్రసు నుంచి జాబులు మొదలైనాయి. నంబరు పంపినవాళ్ళకు ఫోను వచ్చింది. మాట్లాడినవాడు సంఘం జాబులోని మాటలే చెప్పి, ఓటీపీ అడిగినాడు. మా వీధిలో ఒకాయన చదివేసేవాడే, కోడలు ఫోను లాక్కుంది కాబట్టి బయటపడినాడు. ‘పీఎఫ్ ఆఫీసోళ్ళు ఓటీపీ ఏలడుగుతారు మామా?’ అని ఆయమ్మ అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. డబ్బు పోయుంటే ఆ గంటలోనే 1930 కి ఫోను చెయ్యాల, సైబర్ మోసాలకు సర్కారు పెట్టిన నంబరు అదే.

అట్లాంటి జాబుకు సరైన దారి ఇది. To లో పంపేవాళ్ళ సొంత అడ్రసే పెట్టుకోవాల. ముప్పై ఎనిమిది అడ్రసులూ Bcc లో. జాబు అందరికీ చేరుతాది, ఎవరి అడ్రసూ ఎవరికీ కనిపించదు. Send నొక్కే ముందు ఒక్కసారి పైకి చూసి, అడ్రసుల పట్టీ ఏ గడిలో ఉందో చదువుకుంటే చాలు. పోయినాక వెనక్కి లాగేది కష్టం. పంపిన వెంటనే కొన్ని సెకన్లు Undo అని కనిపిస్తాది, ఆ లోపల నొక్కితేనే ఆగుతాది.

Bcc లో ఒక లొసుగు ఉంది, అది మాత్రం గట్టిగా చెప్పాల. మన పెన్షను జాబునే చూడండి. ఆయన బెంగళూరులో ఉండే కొడుకును Bcc లో పెట్టినాడనుకోండి. కొడుకు జాబు చదివి, Reply all నొక్కి ‘నాన్నా, వీళ్ళు లంచం కోసం ఆపినారేమో’ అని రాసినాడంటే, అది తండ్రికి మాత్రమే పోదు. To లో ఉన్న ఆఫీసుకు, Cc లో ఉన్న బ్యాంకుకు, సెక్రటరీకి, అందరికీ పోతాది. అంతదాకా కనిపించని కొడుకు నడిసభలో నిలబడినట్ల అయితాది. జాబులో మన అడ్రసు To లోనూ లేదు, Cc లోనూ లేదు అంటే మనం Bcc లో ఉన్నామని లెక్క. అప్పుడు Reply all జోలికి పోగూడదు. Reply ఒక్కటే నొక్కాల, అది పంపినవాడికి మాత్రమే పోతాది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆఫీసువాళ్ళు Reply all తో జవాబు రాస్తే అది తండ్రికీ, Cc వాళ్ళకూ పోతాది గానీ కొడుక్కి పోదు. Bcc లో పెట్టింది ఆ ఒక్క జాబుకే. తరువాత వచ్చే జవాబులు కొడుక్కి కావాలంటే తండ్రే మళ్ళీ పంపాల. ‘నాకు జవాబే రాలేదు నాన్నా’ అని కొడుకు, ‘వచ్చిందిరా’ అని తండ్రి, ఫోనులో గొడవపడేది ఇందుకే.

జవాబు రాస్తే Subject గడిలో Re: అని దానంతట అదే వచ్చి కూర్చుంటాది. చాలామంది అది రిప్లై మాటకు పొట్టి అనుకుంటారు. అది లాటిన్ మాట, ‘విషయంలో’ అని అర్థం. కన్నడ అర్జీలో ‘విషయ’ అని రాస్తాం చూడండి, దానికి దగ్గరి చుట్టం. Re: ఉన్న జాబులన్నీ ఒకే దారంలో కట్టినట్ల ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. Subject లో మాటలు మార్చితే ఆ దారం తెగి కొత్తది మొదలైతాది. మళ్ళీ ఆఫీసోడు మొదటినుంచి అన్నీ అడుగుతాడు. కాబట్టి పాత సంగతికే రాసేటప్పుడు కొత్త జాబు తెరవకుండా పాత జాబుకే Reply చెయ్యాల. ఇంకొకటి. మనం ఏ జాబూ రాయకుండానే Re: అని పెట్టుకుని ఏదైనా వచ్చిందంటే అనుమానించాల. మనం రాసిన జాబుకే జవాబు అనిపించేటట్ల మోసగాళ్ళు దాన్ని చేత్తో కొట్టి పంపుతారు.

Fwd: అంటే ఫార్వర్డ్, వచ్చిన జాబును ఇంకొకరికి దాటించడం. Reply కి దీనికి తేడా జత కాగితాల్లో ఉంది. Reply చేస్తే మనకు వచ్చిన జాబుకు జతపెట్టిన ఫోటోలు, పాసుబుక్కు కాపీలు వెనక్కి పోవు. Forward చేస్తే అవి కూడా కలిసి పోతాయి. పైన చెప్పిన తండ్రి ఆఫీసు జవాబును కొడుక్కి పంపేది ఇట్లనే. అయితే ఆ జవాబు కింద మొదటి జాబు మొత్తం అట్లనే వేలాడుతా ఉంటాది. అందులో పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, యూఏఎన్, Cc లో ఉన్నవాళ్ళ అడ్రసులు అన్నీ ఉంటాయి. కొడుక్కి పోతే ఫర్వాలేదు. అదే జాబును వీధిలో ఇంకొకరికి నమూనాగా పంపాలంటే, Forward నొక్కినాక కిందికి జరిపి ఆ నంబర్లు చెరిపి, జత కాగితాలు తీసేసి అప్పుడు పంపాల. చెరిపేదానికి వీలుంది కదా, మార్చేదానికి కూడా వీలుంది. అందుకే ఎవరో Fwd చేసిన ‘ఆఫీసు ఆర్డరు’ను చూసి డబ్బు కట్టగూడదు. అందులో అంకెలు ఎవరు మార్చినారో దాన్ని చూసి చెప్పలేము.

PS మన ఇన్‌లాండ్ లెటర్ల కాలంనాటిది. పోస్ట్ స్క్రిప్టమ్, రాసినాక రాసింది అని అర్థం. తెలుగు జాబుల్లో ‘తా.క.’ అని పెట్టేవాళ్ళం, తాజా కలం. సంతకం అయిపోయినాక ఏదో గుర్తుకొస్తే, నీలం కాగితంలో మడత అంచు మీద ‘తా.క. బుజ్జిగాడికి జ్వరం తగ్గింది’ అని ఇరికించేది. ఈమెయిలులో ఆ అవస్థ లేదు, పైకి పోయి మధ్యలో చేర్చుకోవచ్చు. అయినా ఇంటివాళ్ళకు రాసేటప్పుడు PS బాగుంటాది, కొందరు జాబులో మొదట చదివేది దాన్నే. ఆఫీసుకు మాత్రం అసలు సంగతి PS లో పెట్టగూడదు. సంతకం దాకా చదివి ఆపేస్తారు. Reply చేసేటప్పుడు PS ను పాత జాబు కిందికి పోయి రాస్తే ఇంకా చెడ్డ. ఆ పాత భాగాన్ని ఫోను మూడు చుక్కల వెనక మడిచి పెడతాది, దాంతోపాటు మన మాట కూడా కనిపించకుండా పోతాది. ‘ఖాతా నంబరు మారింది’ లాంటి మాట అయితే జాబు మొదటి వరసలోనే, పేరు కిందనే రాయించండి.