వీధిదీపానికి ఆ పసుపు ఎక్కడిది?

దక్షిణ ఢిల్లీ వీధుల రంగు మారడం 2015లో మొదలైంది. ఆ ఏడాది జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఎల్‌ఈడీ వీధిదీపాల పథకం ప్రారంభించింది. దక్షిణ ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో సోడియం వేపర్ ల్యాంపులను, ఇతర పాత దీపాలను తీసేసి రెండు లక్షలకు పైగా ఎల్‌ఈడీలు బిగించారు. దశాబ్దాలపాటు రాత్రి ఢిల్లీ అంటే కళ్ల ముందు కదిలిన పసుపు, తెలుపుకు చోటిచ్చి తప్పుకుంది. కరెంటు ఖర్చు లెక్కలో అది సరైన పనే. కానీ వెళ్లిపోయిన ఆ దీపం మామూలు దీపం కాదు. పరమాణువు లోపలి ఒక ముఖ్యమైన సంగతిని రోడ్డు మీద నిలబడి రాత్రంతా చూపించిన యంత్రం అది. ఆ సంగతి ఏమిటో చెప్పుకోకుండా దాన్ని సాగనంపడం న్యాయం కాదు.

దీపం పుట్టుక క్లుప్తంగా. సోడియం ఆవిరిలో విద్యుత్తు పంపితే పసుపు వెలుగు వస్తుందని ముందే తెలుసు. చిక్కంతా గాజుతోనే. వేడి సోడియం మామూలు గాజును తినేస్తుంది, గొట్టం నల్లబడిపోతుంది. ఆ దాడికి తట్టుకునే గాజు తయారయ్యాక, 1932లో ఫిలిప్స్ కంపెనీ నెదర్లాండ్స్‌లో బేక్, ఖెలేన్ ఊళ్ల మధ్య రోడ్డు మీద ఈ దీపాలు పెట్టింది. అవి తక్కువ పీడనంతో పనిచేసే దీపాలు. ఎక్కువ పీడనం, ఎక్కువ వేడి తట్టుకోవాలంటే గాజు పనికిరాదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ కోబుల్ వెలుగును పోనిచ్చే అల్యూమినా పింగాణీ తయారు చేశాక, 1960లలో హైప్రెషర్ సోడియం దీపం మార్కెట్లోకి వచ్చింది. మన వీధుల్లో ఎక్కువగా వెలిగింది ఇదే.

తక్కువ పీడనం దీపం ఇప్పటికీ ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో బతికే ఉంది. న్యూటన్ వలయాల ప్రయోగానికి దాన్నే వెలిగిస్తారు. స్విచ్ వేయగానే ఎర్రగా ఉంటుంది. అది లోపలి నియాన్ వాయువు వెలుగు. కొన్ని నిమిషాల్లో సోడియం ఆవిరై, ఎరుపును పూర్తిగా కమ్మేస్తూ పసుపు వస్తుంది. అవే ల్యాబుల్లో హైడ్రోజన్ గొట్టం కూడా వెలిగించి, దాని ఎర్రని గీత తరంగదైర్ఘ్యం కొలుస్తారు. ఈ రెండు దీపాల మధ్య తేడాలోనే మన కథంతా ఉంది.

హైడ్రోజన్‌తో మొదలుపెడదాం. దాని ఎలక్ట్రాన్ శక్తిని చెప్పే సూత్రం E = −13.6/n². వచ్చే విలువ ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది, n ప్రధాన క్వాంటం సంఖ్య. ఈ సూత్రంలో ఉన్నదానికంటే లేనిదాన్ని గమనించాలి. ఆర్బిటాల్ ఆకారాన్ని నిర్ణయించే రెండో క్వాంటం సంఖ్య l ఇందులో ఎక్కడా లేదు. గుండ్రని 3s, డంబెల్ లాంటి 3p, నాలుగు రెక్కల 3d, ఇంత వేర్వేరు రూపాలున్నా మూడింటి శక్తీ ఒకటే: −1.51. పాఠ్యపుస్తకాలు వీటిని సమశక్తి ఆర్బిటాళ్లు అని ఒక్క మాటలో దాటేస్తాయి. ఇది ఆశ్చర్యపడి ఆగవలసిన చోటు.

కారణం ఆకర్షణ నియమంలో ఉంది. కేంద్రకం లాగే బలం దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది. గురుత్వాకర్షణ కూడా అంతే. భూమి చుట్టూ ఒక ఉపగ్రహం వృత్తంలో, సమాన బరువున్న మరొకటి బాగా సాగిన దీర్ఘవృత్తంలో తిరుగుతున్నాయనుకోండి. రెండు కక్ష్యల పెద్ద అక్షం పొడవు సమానమైతే వాటి శక్తి కూడా సమానమే. కక్ష్య ఎంత సాగి ఉందన్నది శక్తికి పట్టదు. అంతేకాదు, ఈ నియమం కింద దీర్ఘవృత్తం తన చోట కదలకుండా ఉంటుంది, పెద్ద అక్షం చూపే దిక్కు మారదు. శక్తి, కోణీయ ద్రవ్యవేగం కాక మారకుండా నిలిచే మరో రాశి అక్కడ ఉందన్నమాట. 1926లో వోల్ఫ్‌గాంగ్ పౌలి ష్రోడింగర్ సమీకరణం సాయం లేకుండా, ఈ అదనపు రాశినే ఆధారం చేసుకుని హైడ్రోజన్ శక్తి స్థాయిలన్నీ రాబట్టాడు. ఒక శక్తి స్థాయిలోనే s నుంచి p కి, p నుంచి d కి మార్చే గణిత సాధనం ఆ రాశే. మార్చినా శక్తి మారదు కాబట్టే l సూత్రంలో కనిపించదు.

దీన్ని అంకెల్లో కూడా చూడొచ్చు. కేంద్రకం నుంచి సగటు దూరాన్ని బోర్ వ్యాసార్ధాల్లో లెక్కిస్తే 3s కి 13.5, 3p కి 12.5, 3d కి 10.5 వస్తుంది. s ఎలక్ట్రాన్ కేంద్రకానికి దగ్గరగా ఉంటుందని తరగతిలో చెప్పే మాట సగమే నిజం. సగటున అది అన్నిటికంటే దూరంగానే ఉంటుంది. కానీ మధ్యమధ్యలో కేంద్రకం దాకా దూసుకుపోయి వస్తుంది. శక్తిని నిర్ణయించేది సగటు దూరం కాదు, 1/r సగటు. దూరంగా గడిపిన కాలంలో కోల్పోయినదంతా ఆ కాసేపటి దగ్గరి ప్రయాణాల్లో సరిగ్గా పూడిపోతుంది. మూడు ఆర్బిటాళ్లకూ 1/r సగటు 1/9 దగ్గరే ఉంటుంది, చిన్న తేడా కూడా లేకుండా. ఆకర్షణ నియమం కాస్త మారినా ఈ సమతూకం నిలవదు.

సోడియంలో జరిగేది అదే. దాని కేంద్రకంలో 11 ప్రోటాన్లు ఉంటాయి. మొదటి రెండు కర్పరాల్లో 10 ఎలక్ట్రాన్లు కిక్కిరిసి, కేంద్రకం చుట్టూ దాదాపు ఒక ఆంగ్‌స్ట్రామ్ వ్యాసార్ధంలో ఒదిగి ఉంటాయి. పదకొండో ఎలక్ట్రాన్ ఒంటరిగా బయట. బయట ఉన్నంతసేపూ దానికి తెలిసేది 11 లోంచి 10 పోగా మిగిలిన ఒక్క ధనావేశమే, అంటే అది హైడ్రోజన్‌లో ఉన్నట్టే. లోపలికి దిగితే మాత్రం పది ఎలక్ట్రాన్ల తెర పలచబడి, కేంద్రకం అసలు బలం తగులుతుంది. ఈ తెరనే స్క్రీనింగ్ అంటున్నాం.

ఇప్పుడు లోపలికి ఎవరు ఎంత దిగగలరన్నదే ప్రశ్న. 3s కేంద్రకం దాకా వెళ్తుంది కాబట్టి దాని లాభం ఎక్కువ. కోణీయ ద్రవ్యవేగం 3p ని కేంద్రకం దగ్గరికి పూర్తిగా రానివ్వదు, దాని లాభం తక్కువ. 3d దాదాపు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఫలితం ప్రయోగాల్లో కొలిచిందే: సోడియం నుంచి ఆ ఒక్క ఎలక్ట్రాన్‌ను పీకేయడానికి 3s లో ఉంటే 5.14, 3p లో ఉంటే 3.04, 3d లో ఉంటే 1.52 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. హైడ్రోజన్‌లో మూడింటికీ 1.51 అని గుర్తుంది కదా. 3d దాదాపు అక్కడే ఉండిపోయింది, 3s మాత్రం ఎంతో లోతుకు పోయింది.

5.14 లోంచి 3.04 తీసేయండి. 2.10 వస్తుంది. ఫోటాన్ శక్తిని తరంగదైర్ఘ్యంగా మార్చడానికి 1240 ని దానితో భాగిస్తే సుమారు 590 నానోమీటర్లు. ఢిల్లీ వీధుల పసుపు అదే. 3s, 3p సమశక్తితో ఉండిపోయి ఉంటే, ఒకదాన్నుంచి మరోదానికి దిగినప్పుడు విడుదలయ్యే శక్తి సున్నా. సమశక్తి ఎంత మేరకు విడిపోయిందో అంత శక్తి ఆ వెలుగు. నిశితంగా చూస్తే అది 589.0, 589.6 దగ్గర రెండు గీతలు. ఆ చిన్న చీలిక మాత్రం స్క్రీనింగ్ వల్ల వచ్చింది కాదు, ఎలక్ట్రాన్ స్పిన్ వల్ల వచ్చింది. హైడ్రోజన్‌లో కూడా స్పిన్, సాపేక్షత కలిసి ఇలాంటి చీలికలు తెస్తాయి, కానీ అవి ఇంతకంటే చాలా సూక్ష్మం.

ఇదంతా నిజంగా లోపలి చొరబాటు వల్లనే అని ఎలా తెలుసు? స్వీడన్ శాస్త్రవేత్త రిడ్‌బర్గ్ పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే, ఎలక్ట్రాన్ జాడ కూడా తెలియని రోజుల్లో, దీనికి మంచి పరీక్ష వదిలి వెళ్లాడు. n స్థానంలో n లోంచి ఒక చిన్న అంకె తీసి రాయమన్నాడు. 3s కి చేసి చూద్దాం: 13.6 ని 5.14 తో భాగించి వర్గమూలం తీస్తే 1.63. మూడులోంచి పోయింది 1.37. ఇప్పుడు 4s: దాన్ని పీకడానికి కావలసింది 1.95. అదే లెక్క చేస్తే 2.64, నాలుగులోంచి పోయింది 1.36. ఎలక్ట్రాన్ బయట ఎంత దూరం తిరిగినా ఈ తరుగు దాదాపు మారడం లేదు. అంటే అది నిర్ణయమయ్యేది బయట కాదు, ఆ ఒక్క ఆంగ్‌స్ట్రామ్ లోపలే. 3p కి తరుగు 0.88, 3d కి 0.01. ఇంకో విషయం చూడండి: 4s ఇక్కడ 3d కంటే లోతుగా ఉంది. పెద్ద n ఉంటే పెద్ద శక్తి అన్న హైడ్రోజన్ నియమం సోడియం దగ్గరే తప్పిపోయింది. అదే గ్రూపులో తర్వాతిదైన పొటాషియంలో పంతొమ్మిదో ఎలక్ట్రాన్ 3d ని వదిలి 4s లో చేరడానికి మూలం ఇదే.

ఇంటర్ విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరం. స్లేటర్ నియమాలతో సోడియం బయటి ఎలక్ట్రాన్‌కు స్క్రీనింగ్ 8.8 అని, మిగిలే కేంద్రకావేశం 2.2 అని లెక్క కడతారు. ఆ అంకెను హైడ్రోజన్ సూత్రంలో పెడితే 7.3 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది, అసలు విలువ 5.14. అంతకంటే పెద్ద లోపం, ఆ నియమాలు s, p లను ఒకే గుంపుగా చూస్తాయి. కాబట్టి వాటి ప్రకారం 3s, 3p శక్తి ఒకటే అవుతుంది, సోడియం దీపం పసుపు వెలుగు ఇవ్వకూడదు. తెర మందం ఎలక్ట్రాన్ ఉన్న చోటును బట్టి మారుతుంది. దాన్ని ఒకే అంకెలో బంధిస్తే పీరియాడిక్ టేబుల్ పోకడలకు పనికొస్తుంది గానీ, వర్ణపటానికి పనికిరాదు.

దీపం పొదుపు కూడా ఈ చీలిక పుణ్యమే. గొట్టంలో పరుగెత్తే ఎలక్ట్రాన్లు సోడియంను ఢీకొట్టినప్పుడు అందే మొదటి మెట్టు 2.10. ఆ పైమెట్టు 4s, 3.19 దగ్గర. అందుకని శక్తిలో పెద్ద భాగం మొదటి మెట్టుకే పోయి, కంటికి బాగా కనిపించే పసుపుగా తిరిగొస్తుంది. హైప్రెషర్ దీపంలో కథ కొంచెం మారుతుంది. కిక్కిరిసిన పరమాణువులు ఒకదాన్నొకటి తోసుకోవడంతో గీతలు వెడల్పవుతాయి. 568 దగ్గర ఆకుపచ్చ లాంటి వేరే గీతలూ కలుస్తాయి. అందుకే ఆ వెలుగు బంగారు రంగులోకి తిరుగుతుంది. 3d నుంచి 3p కి దిగే 819 నానోమీటర్ల గీత కూడా బలంగా వస్తుంది. హైడ్రోజన్‌లో సున్నాగా ఉండాల్సిన ఇంకో తేడా అది. పరారుణం కాబట్టి కంటికి కనబడదు.

మీ కాలనీలో ఎక్కడైనా పాత హైప్రెషర్ సోడియం దీపం మిగిలి ఉంటే, ఒక పాత సీడీ తీసుకెళ్లి దాని ప్రతిబింబాన్ని ఏటవాలుగా చూడండి. రంగుల పట్టీలో పసుపు నడుమ ఒక నల్లని సందు ఉంటుంది. గొట్టం మధ్యలోని వేడి సోడియం వదిలిన 589 వెలుగును, గోడ దగ్గరి చల్లని సోడియం 3s నుంచి 3p కి ఎక్కడానికి వాడేసుకున్న చోటు అది.