నాకు నిద్రొస్తోంది

“అమ్మా, నాకు నిద్ర రావట్లేదు” అంటాడు పక్కమీద దొర్లుతున్న పిల్లాడు. “కళ్ళు మూసుకో నాన్నా, అదే వస్తుంది” అంటుంది తల్లి. ఇక్కడ వచ్చేదీ రానిదీ నిద్రే. నేను వస్తే ‘వచ్చాను’, వాళ్ళు వస్తే ‘వచ్చారు’ అంటాం. నిద్ర మాత్రం నాకైనా, నీకైనా, వాళ్ళకైనా ‘వచ్చింది’. క్రియ నిద్ర మాటే వింటుంది, నిద్రొచ్చిన మనిషి మాట వినదు.

ఆకలేసినా, కోపమొచ్చినా, ఏదైనా గుర్తొచ్చినా అంతే. అనుభవించే మనిషికి ‘కు’, ‘కి’ చేరతాయి. బడిలో వీటిని షష్ఠీ విభక్తి కింద వల్లెవేశాం కానీ, భాషాశాస్త్రం మాత్రం చతుర్థిగానే లెక్కిస్తుంది. ఈ మనిషిని ‘చతుర్థీ కర్త’ అనవచ్చు.

క్రియే మాట విననప్పుడు కర్త ఎలా అవుతాడు? ‘తన’ అనే చిన్న మాటను అడిగి చూద్దాం. “సీత రవికి తన పుస్తకం ఇచ్చింది” అంటే పుస్తకం ఎవరిది? సీతది. ఇచ్చింది ఆమె, రవి పుచ్చుకున్నవాడు. ఇప్పుడు “రవికి తన తమ్ముడి మీద కోపం వచ్చింది” అనండి. తమ్ముడు ఎవరికి? రవికే. అదే ‘రవికి’, అదే ‘కి’. మొదటి వాక్యంలో ‘తన’ రవిని దాటి సీత దగ్గరికి పోయింది, రెండోదాంట్లో రవి దగ్గరే ఆగింది. క్రియ కోపం వైపు, ‘తన’ మనిషి వైపు. కర్తకు ఉండాల్సిన హక్కులు ఇద్దరికీ పంచినట్టయింది. నాకు ఈ నిర్మాణంలో అన్నిటికన్నా నచ్చేది ఈ పంపకమే.

అయితే ఒక హక్కు ఈ మనిషికి దక్కదు. అతనికి ఆజ్ఞ ఇవ్వలేం. పిల్లాణ్ణి “నిద్రపో” అనగలం. “నిద్ర రా” అంటే మనం పిలిచింది నిద్రనే, పిల్లాణ్ణి కాదు. కోపాన్ని వద్దనాలంటే “కోపం తెచ్చుకోకు” అనాలి. ‘వచ్చు’ పోయి ‘తెచ్చుకొను’ రాగానే ‘నీకు’ కాస్తా ‘నువ్వు’ అయిపోతుంది.

ఇది తెలుగు ఒక్కదాని సొత్తు కాదు. హిందీలో ‘ముఝే భూఖ్ లగీ హై’ అని మగవాడు అన్నా ‘లగీ’యే, ఎందుకంటే అక్కడ ‘భూఖ్’ స్త్రీలింగం. బెంగాలీలో అదే ఆకలికి ‘నాకు’ బదులు ‘నా’ అనే అర్థమున్న ‘ఆమార్’ వాడతారు. కాలిన్ మసికా 1976లో వెలువరించిన పుస్తకంలో దక్షిణాసియా భాషల ఉమ్మడి లక్షణాల్లో చతుర్థీ కర్తను కూడా చేర్చారు.

ఎవరైనా మనసు నొప్పించే మాట అన్నాక, ఇంటికొచ్చి “ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు” అంటుంటాం. ఆ ‘కానీ’కి ముందు మాటుగా ఉన్నది ‘నాకు’, తర్వాత ఉన్నది ‘నేను’.